మూడు కుటుంబాలు, ఒకే వ్యాను: యాత్రలో బండి అద్దె, డ్రైవర్ బత్తా ఎలా పంచుకోవాలి

మా అత్తయ్యకు అరుణాచలం చూడాలని ఎప్పటినుంచో కోరిక. అక్క, బావగారు కూడా వస్తామన్నారు. ఒంగోల్లో ఉండే పిన్ని, బాబాయ్ ఫోన్‌లో విని "మేమూ వస్తామమ్మా" అన్నారు. అలా మూడు ఇళ్ళు కలిశాయి. విజయవాడలో బయలుదేరి శ్రీకాళహస్తి, తిరుమల, కాణిపాకం, అరుణాచలం, కంచి చూసుకుని నాలుగు రోజుల్లో తిరిగి రావాలని అనుకున్నాం. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడాం. లెక్క పుస్తకం నా చేతికి వచ్చింది.

అంతకుముందు ఇలాంటి యాత్ర ఒకటి చేసినప్పుడు మొత్తం ఖర్చును మూడుతో భాగించేశాం. ఇద్దరే వచ్చినవాళ్ళు, ఐదుగురు వచ్చినవాళ్ళు ఒకే మొత్తం కట్టారు. ఎవరూ పైకి ఏమీ అనలేదు గానీ, మళ్ళీ యాత్ర మాట వస్తే ఆ ఇద్దరూ ఏదో ఒక పని ఉందని తప్పుకునేవాళ్ళు. అందుకే ఈసారి బయలుదేరక ముందే పద్ధతి రాసి పెట్టుకున్నాం. ఆ పద్ధతినే మా అంకెలతో సహా చెబుతున్నాను. కిలోమీటరు రేట్లు ఊరిని బట్టి, సీజన్‌ను బట్టి మారతాయి కాబట్టి మీ రేట్లు పెట్టుకుని లెక్క వేసుకోండి.

1. ముందుగా సీట్లు లెక్కపెట్టండి

ఇంటికి ఎంతమంది వస్తున్నారన్నది కాదు, ఎన్ని సీట్లు పడతాయన్నది రాసుకోండి. ఒళ్ళో కూర్చునే పసిబిడ్డకు సీటు లేదు కాబట్టి లెక్కలోకి రాదు. సీటులో కూర్చునే పిల్లాడు ఎంత చిన్నవాడైనా ఒక సీటే. బస్సులో అర టికెట్టు ఉంటుంది కదా, ఇక్కడా సగమే వేద్దాం అని కొందరు అంటారు. బస్సులో సరే. వ్యానులో మాత్రం ఆ పిల్లాడు కూర్చున్న చోట ఇంకొకరు కూర్చోలేరు. పెద్ద బండి తీసుకోవాల్సి వచ్చింది కూడా ఆ సీట్ల వల్లే. కాబట్టి మా తొమ్మిదేళ్ళ అబ్బాయికి నేను పూర్తి సీటే వేశాను.

మా లెక్క ఇలా వచ్చింది. మేము నలుగురం: నేను, మా ఆయన, అత్తయ్య, అబ్బాయి. అక్క వాళ్ళు ఐదుగురు: అక్క, బావగారు, ఇద్దరు పిల్లలు, బావగారి అమ్మగారు. పిన్ని, బాబాయ్ ఇద్దరు. మొత్తం పదకొండు సీట్లు. బండిలో పన్నెండు ఉన్నా మేం భాగించింది పదకొండుతోనే. ఖాళీ సీటు ఎవరిదీ కాదు, సామాన్లు అందులో పెట్టుకున్నాం.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ముందు సీటు ఇస్తే దానికి ఎక్కువ తక్కువలు పెట్టకండి. ఏ సీటైనా ఒకటే లెక్క.

అడ్వాన్స్ కట్టిన రోజున ఎన్ని సీట్లు అనుకున్నారో చివరిదాకా అదే లెక్క ఉంచండి. ముందురోజు ఎవరికో జ్వరం వచ్చి ఆగిపోయినా ఆ సీటు వాటా ఆ ఇంటిదే. చెప్పడానికి కష్టంగా ఉంటుంది, నిజమే. కానీ అప్పటికి బండి ఆ సైజులో మాట్లాడేశారు. ఒకరు తగ్గారని ఓనరు అద్దె తగ్గించడు. ఆ ఇంటివాళ్ళు వదులుకున్న సీటు డబ్బు మిగతా రెండు ఇళ్ళ మీద పడకూడదు. ఈ మాట అడ్వాన్స్ కట్టే రోజే చెప్పేస్తే తర్వాత నోరు విప్పాల్సిన పని ఉండదు.

2. ఓనరును ఇవి అడగండి

బండి అద్దె అనగానే మనం కిలోమీటరు రేటు ఒక్కటే అడుగుతాం. మా వ్యానుకు కిలోమీటరుకు 24 రూపాయలు, డీజిల్ అందులోనే. కానీ పంపకం దగ్గర గొడవ వచ్చేది రేటు వల్ల కాదు, రేటు చుట్టూ ఉండే షరతుల వల్ల.

మొదటిది మినిమమ్ కిలోమీటర్లు. ఊరు దాటి వెళ్ళే బండికి రోజుకు ఇన్ని కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా కట్టాలి అని ఉంటుంది. మాకు రోజుకు 300 అన్నారు. నాలుగు రోజులకు 1,200. ఇది రోజువారీగా చూస్తారా, మొత్తం మీద చూస్తారా అని అడగండి. తిరుమలలో ఉన్న రోజు బండి యాభై, అరవై కిలోమీటర్లు కూడా తిరగదు. చివరి రోజు ఐదు వందలు దాటి తిరుగుతుంది. రోజువారీగా చూస్తే తిరుమల రోజు తక్కువైన కిలోమీటర్లకు కూడా కట్టాలి, చివరి రోజు ఎక్కువైనవాటికి కూడా కట్టాలి. మొత్తం మీద చూస్తే ఒకదానికొకటి సర్దుకుంటాయి. మేము మొత్తం మీద అని ఒప్పించుకున్నాం.

రెండోది, నా మటుకు అన్నింటికంటే ముఖ్యమైనది: రోజు అంటే ఏమిటి? కొందరు ఓనర్లకు అర్ధరాత్రి పన్నెండు దాటితే కొత్త రోజు. కొందరికి బండి బయలుదేరిన సమయం నుంచి ఇరవై నాలుగు గంటలు ఒక రోజు. మొదటి యాత్రలో మేము ఇది అడగలేదు. రాత్రి పన్నెండున్నరకు ఇల్లు చేరాం. మర్నాడు బిల్లులో ఇంకో రోజు పడింది. ఒక రోజు పెరిగితే ఏమవుతుందో మా ఇప్పటి రేట్లతో చూడండి. ఐదు రోజులకు మినిమమ్ 1,500 కిలోమీటర్లు అవుతుంది, అంటే 36,000 రూపాయలు. పైన ఇంకో రోజు బత్తా. మేము నిజంగా తిరిగింది 1,345 కిలోమీటర్లు, 32,280 రూపాయలు. ఆ అరగంట ఆలస్యానికి బత్తాతో కలిపి నాలుగు వేల నాలుగు వందల ఇరవై రూపాయలు.

ఈసారి "బయలుదేరిన టైము నుంచి ఇరవై నాలుగు గంటలు" అని ముందే మాట్లాడుకున్నాం. కంచి చివరి రోజు పెట్టుకునేవాళ్ళు దీన్ని తప్పకుండా చూసుకోవాలి. తమిళనాడులో చాలా గుళ్ళు మధ్యాహ్నం మూసేసి సాయంత్రం నాలుగు ప్రాంతంలో తెరుస్తారు. అరుణాచలంలో తెల్లవారుజామునే బయలుదేరి ఎనిమిదింటికల్లా కంచి చేరితే కామాక్షి అమ్మవారు, ఏకాంబరేశ్వరుడు, వరదరాజస్వామి దర్శనాలు మధ్యాహ్నంలోపు అవుతాయి. పది గంటలకు చేరితే ఏదో ఒకటి మిగిలిపోతుంది. దాని కోసం నాలుగు దాకా ఆగితే విజయవాడ చేరేసరికి తెల్లవారుతుంది. అప్పుడు ఏ లెక్కన చూసినా ఐదో రోజే, పైగా రాత్రంతా డ్రైవర్ నిద్ర లేకుండా నడపాలి.

మూడోది, కిలోమీటర్లు ఎక్కడి నుంచి మొదలవుతాయి. మీ ఇంటి దగ్గర నుంచి కాదు, మామూలుగా ఓనరు షెడ్డు నుంచి షెడ్డు దాకా. షెడ్డు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ నలభై. దగ్గరి షెడ్డు ఉన్న బండి చూసుకోవడం మంచిది.

నాలుగోది, పైన పడేవి ఏమిటి: టోల్, పార్కింగ్, పక్క రాష్ట్రం ట్యాక్సు, రాత్రి నడిపితే అదనపు బత్తా. బండికి ఆల్ ఇండియా పర్మిట్ ఉందా, తమిళనాడులోకి వెళ్ళేటప్పుడు ఏమైనా కట్టాల్సి వస్తే అది ఎవరిది అని అడగండి. జీఎస్టీ బిల్లు ఇచ్చేవాళ్ళయితే మామూలుగా ఐదు శాతం పన్ను అదనంగా వేస్తారు, అది చెప్పిన రేటులో కలిసి ఉందో లేదో తెలుసుకోండి.

ఇంకొక్క మాట. తక్కువకు వస్తుందని తెల్ల నంబర్ ప్లేటు బండి మాట్లాడకండి. అద్దెకు తిప్పే అనుమతి లేని బండికి ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు వస్తుంది. మూడిళ్ళ పెద్దలూ పిల్లలూ ఎక్కే బండి పసుపు ప్లేటుదే ఉండాలి.

3. ఖర్చును మూడు కుప్పలు చేయండి

మొత్తాన్ని ఒకే ముద్దగా పంచితే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. ఎందుకంటే అన్ని ఖర్చులూ ఒకే కారణంతో రావు.

కిలోమీటర్ల అద్దె ఒక కుప్ప. మనుషులు పెరగబట్టే కారు కాస్తా వ్యాను అయింది, కాబట్టి ఇది సీట్ల మీద పంచాలి. టోల్, పార్కింగ్, ట్యాక్సు రెండో కుప్ప. ఇవీ బండి సైజుతో పాటే వచ్చేవి కాబట్టి సీట్ల మీదే.

డ్రైవర్ ఖర్చు మూడో కుప్ప. ఇక్కడ నా అభిప్రాయం వేరు. వ్యానులో ఇద్దరున్నా పదకొండుమంది ఉన్నా డ్రైవర్ ఒక్కడే, బత్తా ఒక్కటే. పిన్ని, బాబాయ్ ఇద్దరే కారులో వెళ్ళినా ఒక డ్రైవర్‌కు నాలుగు రోజుల బత్తా కట్టాలి. మూడు ఇళ్ళూ కలవడం వల్ల ఆ ఖర్చు మూడోవంతుకు తగ్గింది, ఆ లాభం మూడు ఇళ్ళకూ సమానం. అందుకే బత్తా, డ్రైవర్ పడక, చివర్లో ఇచ్చే బహుమానం, ఇవన్నీ ఇంటికి ఒక వాటా.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మీతో వచ్చేది ఒంటరిగా ఉండే పెద్దమ్మో, మామయ్యో అయితే, ఆ ఒక్క మనిషిని ఒక ఇల్లుగా లెక్కపెట్టి మూడోవంతు బత్తా వేయడం బాగోదు. అప్పుడు బత్తాను కూడా సీట్ల మీదే పంచండి.

గదులు, భోజనాలు, దర్శనం టికెట్లు, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ, అరుణాచలంలో గిరిప్రదక్షిణకు నడవలేని వాళ్ళ ఆటో, ఇవేవీ ఈ పుస్తకంలోకి రానివ్వకండి. ఎవరివి వాళ్ళవే.

4. మధ్యలో ఎక్కేవాళ్ళు, మధ్యలో దిగేవాళ్ళు

పిన్ని వాళ్ళు ఒంగోల్లో ఎక్కారు, తిరుగు ప్రయాణంలో ఒంగోల్లోనే దిగారు. బండి విజయవాడ నుంచి ఒంగోలు వెళ్ళింది, మళ్ళీ వచ్చింది మా రెండు ఇళ్ళ కోసం. పిన్ని వాళ్ళు విజయవాడ దాకా వచ్చి ఎక్కాల్సిన పని లేదు, ఆ దారి డబ్బు వాళ్ళ మీద వేయకూడదు. కాబట్టి ఆ ముక్కను తొమ్మిది సీట్లతో భాగించాలి, మిగతా దారిని పదకొండుతో.

ఇది పని చేయాలంటే ఒక చిన్న పని మర్చిపోకూడదు. బాబాయ్ వాళ్ళు ఎక్కే చోట మీటరు రీడింగు తీయాలి, దిగే చోట మళ్ళీ తీయాలి. తర్వాత మ్యాపు చూసి "ఒంగోలు ఎంత దూరం ఉంటుంది" అని లెక్కేసుకుంటే కుదరదు. మ్యాపులో చూపించే దూరానికీ, పెట్రోలు బంకుకో టిఫినుకో పక్కకు వెళ్ళి వచ్చిన మీటరుకూ ఎప్పుడూ తేడా ఉంటుంది.

మధ్యలో దిగిపోయేవాళ్ళ సంగతి దీనికి పూర్తిగా వేరు. తిరుపతిలో దర్శనం అయ్యాక "మాకు ఆఫీసు ఉంది, రైల్లో వెళ్ళిపోతాం" అని ఒక ఇల్లు దిగిపోతే, వాళ్ళు వదిలేసిన సీట్లు ఖాళీగానే తిరుగుతాయి. అక్కడ ఇంకెవరినీ ఎక్కించుకోలేం. కాబట్టి వాళ్ళు పూర్తి వాటా కట్టాలి. ఎక్కేవాళ్ళ సీటు వాళ్ళ ఊరు వచ్చేదాకా వాళ్ళకు అక్కర్లేదు, దిగేవాళ్ళు తమకోసం తీసుకున్న సీటును తామే వదిలేశారు. తేడా అదే.

ఒక ఇంటి కోసం దారి మళ్ళితే? మద్రాసులో ఉన్న మేనకోడలిని చూసి వద్దామని అక్క అంది. ఆ పక్కదారి పది కిలోమీటర్లలోపు అయితే వదిలేద్దాం, దాటితే ఆ అదనపు కిలోమీటర్లు అడిగిన ఇంటివి అని ముందే అనుకున్నాం. అక్క లెక్క వేసుకుని, "వద్దులే, పండక్కి అదే వస్తుంది" అని ఊరుకుంది. దారి మళ్ళినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఎంతవుతుందో తెలిసి తేల్చుకోవడం ఆమెకే సుఖంగా ఉంది.

5. అందరికీ ఒకే మెసేజ్ పంపండి

మాట్లాడుకున్నవన్నీ ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్‌గా పెట్టండి. నేను పెట్టింది ఇదీ:

"బండి కిలోమీటరుకు 24. రోజుకు 300 మినిమమ్, మొత్తం మీద చూస్తారు. బయలుదేరిన టైము నుంచి 24 గంటలు ఒక రోజు. డ్రైవర్ బత్తా రోజుకు 700. అద్దె, టోల్, పార్కింగ్, ట్యాక్సు సీట్ల మీద: మేము 4, అక్క 5, పిన్ని 2. విజయవాడ–ఒంగోలు దారి రెండు ఇళ్ళకే. డ్రైవర్ ఖర్చు మూడు సమాన వాటాలు. మధ్యలో దిగినా, రాకపోయినా వాటా మారదు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే అడ్వాన్స్ కట్టేలోపు చెప్పండి."

బాబాయ్ ఫోన్ చేసి, "అమ్మాయ్, ఒంగోలు దారి గురించి మీరు ఆలోచించారు, నాకు అడగాలంటే మొహమాటంగా ఉండింది" అన్నారు. పెద్దవాళ్ళు తమంతట తాము ఇది అడగరు. చిన్నవాళ్ళమే ముందు చెప్పాలి.

ఓనరుకు కూడా మొదటి రెండు మూడు వాక్యాలు విడిగా పంపి, "సరేనా అండీ" అని అడగండి. ఆయన "ఓకే" అని పెడితే అదే మీ కాగితం.

6. దారిలో చేయాల్సింది: ఫోటోలు, చిన్న పుస్తకం

తెల్లవారుజామున నాలుగూ పదికి బండి షెడ్డులోంచి కదిలేటప్పుడు డ్రైవర్ మీటరు ఫోటో తీసి నాకు పంపాడు. మా ఇంటి ముందుకు రాగానే నేనూ ఒకటి తీసి సరిచూసుకున్నాను. చీకట్లో ఫ్లాష్ వేస్తే అద్దం మీద వెలుగు పడి అంకెలు కనిపించవు. ఇంజను ఆన్ చేసి, బోర్డు లైటు వెలిగాక, ఫ్లాష్ లేకుండా తీయండి. పక్కన ఉండే ట్రిప్ మీటరును కాదు, మొత్తం కిలోమీటర్లు చూపించే పెద్ద మీటరును తీయాలి. ట్రిప్ మీటరును ఒక మీట నొక్కితే సున్నా అవుతుంది, దానితో లెక్క నిలవదు.

ప్రతి రాత్రి బండి ఆగాక ఇంకో ఫోటో. నాలుగు రోజులకు మొత్తం ఎనిమిది ఫోటోలు అయ్యాయి, డ్రైవర్ పంపినదీ ఒంగోలు రెండూ కలిపి.

టోల్ ఫాస్టాగ్‌లో పోతుంది. ఆ ఫాస్టాగ్ ఓనరుది, మనకు మెసేజ్ రాదు. తిరిగి వచ్చాక టోల్ లెక్క ఫోన్‌లో చూపించమని అడగండి. ఆ తేదీల కోతలు వరసగా ఉంటాయి, స్క్రీన్‌షాట్ తీసుకుంటే చాలు. చెప్పిన మొత్తానికీ ఆ వరస కూడికకూ తేడా వస్తే అక్కడికక్కడే తెలుస్తుంది. సొంత కార్లకు ఇస్తున్న ఏడాది పాసు అద్దె బండ్లకు వర్తించదు కాబట్టి ప్రతి గేటు దగ్గరా టోల్ పడుతుంది, దాన్ని ముందే బడ్జెట్లో పెట్టుకోండి.

పార్కింగ్ చీటీలు చిన్నవి, నలిగి పోతాయి. బాబాయ్ వాటన్నిటినీ కళ్ళజోడు పెట్టెలో దాచి చివర్లో నా చేతికి ఇచ్చారు. పార్కింగ్ డబ్బు ఒకే మనిషి కట్టడం మంచిది. ముగ్గురూ తలా ఒకసారి కడితే ఎవరికీ గుర్తుండదు.

7. బత్తా డ్రైవర్ చేతికి

బత్తా అంటే డ్రైవర్ జీతం కాదు. ఇల్లు వదిలి వచ్చినందుకు తిండికీ పడకకూ ఇచ్చే డబ్బు. కాబట్టి ముందుగా ఓనరును అడగండి: బత్తా మీ బిల్లులో కలుపుతారా, మేమే డ్రైవర్‌కు ఇవ్వాలా? బిల్లులో కలిపితే అది డ్రైవర్‌కు ఎప్పుడు చేరుతుందో మనకు తెలియదు. "మేమే ఏ రోజుది ఆ రోజు ఇస్తాం, మీ బిల్లులో వేయకండి" అని చెప్పాం, ఆయన ఒప్పుకున్నారు. ప్రతి సాయంత్రం ఏడు వందలు డ్రైవర్ చేతికి ఇచ్చి పుస్తకంలో అక్కడే అతనితో సంతకం పెట్టించాను. సంతకం ఎందుకంటే, రెండుసార్లు బత్తా పడడం చాలామందికి జరిగేదే. మనం డ్రైవర్‌కు ఇస్తాం, ఆఖర్న ఓనరు బిల్లులోనూ ఉంటుంది, అలసటలో ఎవరూ చూడరు.

మనతో పాటు భోజనం పెట్టాం కదా అని బత్తాలో కోత వేయకండి. అన్నం పెట్టడం మన మర్యాద, బత్తా అతని హక్కు.

పడక గురించి కూడా ముందే చూడండి. గది మాట్లాడేటప్పుడే "డ్రైవర్ పడుకోవడానికి చోటు ఉందా" అని అడిగితే చాలా లాడ్జీల్లో ఒక మంచమో, హాలో చూపిస్తారు. లేకపోతే అతను బండిలోనే, కాళ్ళు ముడుచుకుని, దోమల్లో పడుకుంటాడు. మర్నాడు కొండ దారిలో మనందరినీ తీసుకెళ్ళేది అతనే. తిరుపతిలో రెండు రాత్రులకూ, అరుణాచలంలో ఒక రాత్రికీ పడక, దారిలో అతని టీలు కలిపి మాకు 584 రూపాయలు అయింది. యాత్ర మొత్తంలో నేను ఇష్టంగా ఖర్చు పెట్టిన డబ్బు అదే.

రాత్రి పది దాటాక నడిపితే అదనపు బత్తా అడిగేవాళ్ళు ఉన్నారు. మా ఓనరుతో అది లేదని ముందే తేల్చుకున్నాం. మీకు ఉంటే అది కూడా డ్రైవర్ కుప్పలోకే వస్తుంది.

8. లెక్క వేయడం

నాలుగో రోజు కంచిలో దర్శనాలు పన్నెండింటికి అయ్యాయి. తర్వాత పట్టుచీరల దుకాణంలో రెండు గంటలు. అక్క కూతురి పెళ్ళికి చూస్తున్నారు, తొందర పెట్టాలని ఎవరికీ అనిపించలేదు. దారిలో ఒంగోల్లో బాబాయ్ వాళ్ళను దింపి, మేము దిగి, బండి షెడ్డు చేరేసరికి రాత్రి పన్నెండూ యాభై. ఇరవై నాలుగు గంటల లెక్కన మాకు ఇంకా మూడు గంటల పైనే సమయం ఉంది. ఐదో రోజు పడలేదు.

మొత్తం మీటరు 1,345 కిలోమీటర్లు. మినిమమ్ 1,200 దాటింది కాబట్టి మీటరు లెక్కే. షెడ్డు–ఒంగోలు రానూపోనూ 300, మిగతా 1,045.

మొదట ఒంగోలు ముక్క. 300 కిలోమీటర్లకు 7,200 రూపాయలు. తొమ్మిది సీట్లకు పంచితే సీటుకు 800. తర్వాత పెద్ద ముక్క. 1,045 కిలోమీటర్లకు 25,080. పదకొండు సీట్లకు సీటుకు 2,280. అంటే విజయవాడ సీటు 3,080, ఒంగోలు సీటు 2,280. మా నాలుగు సీట్లకు 12,320, అక్క ఐదు సీట్లకు 15,400, పిన్ని రెండు సీట్లకు 4,560. మూడూ కలిపితే 32,280, అద్దెతో సరిపోయింది. ఇలా కూడి చూడడం ప్రతి కుప్పకూ చేయండి, తప్పు ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

టోల్, ట్యాక్సు 3,800, పార్కింగ్ 600, మొత్తం 4,400. సీటుకు 400. మాకు 1,600, అక్కకు 2,000, పిన్నికి 800. నిజానికి విజయవాడ–ఒంగోలు మధ్య టోల్‌ను పిన్ని వాళ్ళ నుంచి తీసేయాలి. తీసేస్తానన్నాను. "ఆ కాస్తకు మళ్ళీ లెక్కలెందుకమ్మా" అని బాబాయే వద్దన్నారు.

డ్రైవర్ కుప్ప: బత్తా నాలుగు రోజులకు 2,800, పడక, టీలు 584, ఇంటి దగ్గర దింపాక ప్రసాదంతో పాటు చేతిలో పెట్టింది 1,116. మొత్తం 4,500. ఇంటికి 1,500.

అన్నీ కలిపితే మా ఇంటికి 15,420, అక్క వాళ్ళకు 18,900, పిన్ని వాళ్ళకు 6,860. మొత్తం 41,180. ఊరికే మూడుతో భాగించి ఉంటే ఒక్కో ఇంటికి దాదాపు 13,727 పడేది. అంటే పిన్ని, బాబాయ్ రెట్టింపు కట్టేవాళ్ళు.

ఈ పంపకం సరైనదో కాదో తెలుసుకోవడానికి నేను ఒక పరీక్ష పెట్టుకున్నాను. ప్రతి ఇల్లూ విడిగా వెళ్ళి ఉంటే ఎంత అయ్యేది? పిన్ని వాళ్ళు ఒంగోలు నుంచి చిన్న కారులో, కిలోమీటరుకు 13 చొప్పున వెళ్ళినా, మినిమమ్ 1,200 కిలోమీటర్లకే 15,600 కట్టాలి, బత్తా, టోల్ వేరే. మా నలుగురికి అదే కారులో అద్దె ఒక్కటే పదిహేడు వేల పైన. అక్క వాళ్ళు ఐదుగురికి పెద్ద కారు కావాలి, కిలోమీటరుకు 18 చొప్పున చూసినా అద్దె 24,210. మూడు ఇళ్ళకూ కలిసి వెళ్ళడమే చవక పడింది. మీ లెక్కలో ఏ ఇంటికైనా విడిగా వెళ్ళే ఖర్చు కంటే వాటా ఎక్కువ వస్తే, పంపకంలో ఎక్కడో తప్పు ఉందని అర్థం. మళ్ళీ చూడండి.

మీ మీటరు మినిమమ్ కంటే తక్కువ వస్తే? ఉదాహరణకు 1,080 తిరిగి 1,200కు కట్టారనుకోండి. ఆ తిరగని 120 కిలోమీటర్ల డబ్బు ఏ ఊరి దారిదీ కాదు, నాలుగు రోజులు బండిని ఉంచుకున్నందుకు పడింది. దాన్ని మొత్తం సీట్ల మీద పంచండి, ఒంగోలు వాళ్ళకు మినహాయింపు ఉండదు.

9. ఎవరు ఎవరికి ఇవ్వాలి

ఇప్పుడు ఎవరి జేబులోంచి ఎంత పోయిందో చూడాలి. అడ్వాన్స్ 5,000, డ్రైవర్ ఖర్చు 4,500 నేను పెట్టాను, అంటే 9,500. బాబాయ్ పార్కింగ్ 600. మిగతా అద్దె, టోల్, ట్యాక్సు కలిపి 31,080 బావగారు ఓనరుకు పంపారు. ప్రతి ఇంటి వాటాలోంచి ఆ ఇల్లు పెట్టింది తీసేస్తే మేము 5,920, బాబాయ్ 6,260 ఇవ్వాలి. రెండూ బావగారికే. ఆయన ఎక్కువ పెట్టింది 12,180, ఆ రెండూ కలిపితే సరిగ్గా అంతే.

ఈ లెక్క ఇంటికి వచ్చిన రోజునో మర్నాడో వేసేయాలి. వారం దాటితే ఆ ఆరువేలు అడగాలంటే బావగారికి మొహమాటం, ఇవ్వడం మర్చిపోయామని మనకు ఇబ్బంది. నేను మర్నాడు మధ్యాహ్నం పుస్తకం పేజీ, మీటరు ఫోటోలు, టోల్ స్క్రీన్‌షాట్ మూడూ గ్రూపులో పెట్టి, చివర ఇవ్వాల్సిన రెండు అంకెలు రాశాను. మా డబ్బు అప్పుడే పంపేశాను. సాయంత్రానికి బాబాయ్ దగ్గర నుంచి బావగారికి 6,260 వచ్చింది. దాని కింద పిన్ని మెసేజ్: "వచ్చే ఏడాది రామేశ్వరం. మా సీట్లు రెండే, రాసుకో."